ఫిబొనాచి రిట్రేస్‌మెంట్: క్రిప్టో చార్ట్‌లో స్వింగ్ పాయింట్లు ఎంచుకోవడం, లెవెల్స్‌కి తోడు ఆధారాలు వెతకడం

ఒకే కాయిన్, ఒకే చార్ట్. మీరు గీస్తే 0.618 ఒక చోట పడుతుంది, మీ ఫ్రెండ్ గీస్తే ఇంకో చోట. ఎవరిది కరెక్ట్ అని చాలామంది అడుగుతున్నారు. ఫిబొనాచి టూల్ రెండు పాయింట్ల మధ్య ధర నడిచిన దూరంలో ఎంత వంతు వెనక్కి వస్తే ఎక్కడ ఉంటుందో గీతలతో చూపిస్తుంది, 0.618 అలాంటి ఒక వంతు. టూల్ లెక్కలో తేడా ఏమీ రాదు, ఎందుకంటే అది చేసేది మామూలు తీసివేత, గుణకారమే. తేడా అంతా మీరు మొదటి క్లిక్ ఎక్కడ పెట్టారు, రెండోది ఎక్కడ పెట్టారు అన్నదాంట్లోనే ఉంటుంది. అందుకే ఈ గైడ్‌లో సగానికి పైగా ఆ రెండు క్లిక్‌ల గురించే ఉంటుంది.

ఉదాహరణకి మొదటి నుంచి చివరి వరకు ఒకే చార్ట్ తీసుకుందాం. 2024లో బిట్‌కాయిన్ డైలీ చార్ట్. జనవరి 23న సుమారు 38,500 డాలర్ల దగ్గర అడుగు పడింది, మార్చి 14న సుమారు 73,800 దాకా ఎక్కింది, ఆ తర్వాత నెలల తరబడి వెనక్కి వచ్చింది. అంకెలన్నీ గుండ్రం చేసి ఇస్తున్నాను. ఎక్స్ఛేంజ్‌ని బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల డాలర్ల తేడా ఉంటుంది, కాబట్టి మీ చార్ట్‌లో కాస్త అటూ ఇటూ కనిపిస్తే కంగారు పడకండి.

## 1. గీయడానికి ముందు చార్ట్ సిద్ధం చేసుకోవడం

ముందుగా ఒక్క చార్ట్ ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి. స్పాట్ చార్ట్ అయితే మంచిది, వాల్యూమ్ ఎక్కువ ఉన్న ఎక్స్ఛేంజ్‌ది అయితే ఇంకా మంచిది. పర్పెచువల్ ఫ్యూచర్స్ చార్ట్‌లో లిక్విడేషన్ల వల్ల విక్‌లు అనవసరంగా పొడుగు సాగుతుంటాయి. ఇవాళ స్పాట్ మీద, రేపు ఫ్యూచర్స్ మీద గీస్తే లెవెల్స్ జరుగుతూనే ఉంటాయి, మీకేమో మార్కెట్ మోసం చేసినట్టు అనిపిస్తుంది.

రెండోది టైమ్‌ఫ్రేమ్. ట్రేడ్‌ని వారాలు, నెలలు ఉంచుకోవాలనుకుంటే డైలీ మీద గీయండి. రెండు మూడు రోజుల్లో బయటపడాలనుకుంటే ఫోర్ అవర్ చాలు. పదిహేను నిమిషాల చార్ట్‌లో గీసిన 0.618ని చూసి నెల రోజుల ట్రేడ్ పెట్టడం పొరపాటు. క్రిప్టో మార్కెట్ మూతపడదు కాబట్టి చాలా చార్ట్‌లలో డైలీ క్యాండిల్ 00:00 యూటీసీకి ముగుస్తుంది. కింద నేను "డైలీ క్లోజ్" అన్న ప్రతిచోటా ఆ టైమ్‌కి ఉన్న ధర అనే అర్థం.

మూడోది, టూల్‌లో లెవెల్స్ తగ్గించండి. 0.382, 0.5, 0.618, 0.65, 0.786 ఉంటే సరిపోతుంది. వీటిలో 0.5 అసలు ఫిబొనాచి నిష్పత్తే కాదు, సగం దూరం అంతే. అయినా అందరూ చూస్తారు కాబట్టి ఉంచుతాం. 0.618 నుంచి 0.65 వరకు ఉన్న సన్నటి పట్టీని ట్రేడర్లు గోల్డెన్ పాకెట్ అంటారు. చార్ట్‌లో పన్నెండు గీతలు పెట్టుకుంటే ధర ఎక్కడ ఆగినా ఏదో ఒక గీత దగ్గరే ఆగినట్టు కనిపిస్తుంది. అలాంటి చార్ట్ చూసి నేర్చుకునేది ఏమీ ఉండదు.

గీసే ముందు చూసుకోవాల్సినవి:

- చార్ట్ స్పాట్‌దే, ఎక్స్ఛేంజ్ మార్చలేదు
- టైమ్‌ఫ్రేమ్ నేను ట్రేడ్ ఉంచే కాలానికి సరిపోతుంది
- లెవెల్స్ ఐదుకి మించలేదు
- మ్యాగ్నెట్ మోడ్ ఆన్‌లో ఉంది, క్లిక్ క్యాండిల్ కొసకే అతుక్కుంటుంది
- లీనియర్ స్కేలా, లాగ్ స్కేలా అన్నది తేల్చుకున్నాను (దీని సంగతి 4వ భాగంలో)

## 2. స్వింగ్ పాయింట్ అంటే ఏది, ఏది కాదు

కంటికి ఎత్తుగా కనిపించిన ప్రతి కొసా స్వింగ్ హై కాదు. ఏదో ఒక నియమం పెట్టుకోకపోతే మనకి కావలసిన చోట లెవెల్ పడే కొసనే మన కన్ను వెతుక్కుంటుంది. నేను వాడే నియమంలో మూడు పరీక్షలున్నాయి. మూడూ పాసైతేనే గీస్తాను.

మొదటి పరీక్ష: అటు ఐదు, ఇటు ఐదు. స్వింగ్ లో, అంటే అడుగు పాయింట్ అనాలంటే ఆ క్యాండిల్‌కి ఎడమవైపు ఐదు, కుడివైపు ఐదు క్యాండిల్స్ అడుగులు దాని అడుగు కంటే పైన ఉండాలి. స్వింగ్ హైకి ఇదే తిరగేసి చూడండి. కుడివైపు ఐదు క్యాండిల్స్ ముగిసేదాకా ఆ పాయింట్ ఇంకా ఖరారు కానట్టే. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేరు.

ఓపిక పడితే ఖర్చు కూడా ఉంటుంది, అది దాచను. మన ఉదాహరణలో మార్చి 14 హై ఖరారైంది మార్చి 19 క్యాండిల్ ముగిశాకే. అప్పటికే ధర 62,000 దగ్గరికి పడిపోయింది. అంటే 0.382 దాదాపు వచ్చేసింది. ఈ నియమంతో లోతు తక్కువ పుల్‌బ్యాక్‌లు కొన్ని చేజారిపోతాయి. బదులుగా, పైకి పోతూనే ఉన్న ధర మీద రోజుకో ఫిబ్ గీసుకునే అవస్థ తప్పుతుంది.

రెండో పరీక్ష: ఆ లెగ్, అంటే ఒక స్వింగ్ పాయింట్ నుంచి ఇంకో స్వింగ్ పాయింట్ దాకా ధర చేసిన ప్రయాణం, ఏదైనా విరగ్గొట్టిందా? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పైకి వెళ్లిన లెగ్ అంతకుముందు ఉన్న స్వింగ్ హైని దాటి, దాని పైన డైలీ క్లోజ్ ఇవ్వాలి. ఏ లో నుంచి బయల్దేరి ఆ పాత హైని దాటిందో, ఆ లో మీ మొదటి క్లిక్.

మన చార్ట్‌లో చూడండి. అమెరికాలో స్పాట్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు 2024 జనవరి 10న అనుమతి వచ్చింది. మర్నాడు ట్రేడింగ్ మొదలైంది, ఆ రోజే ధర సుమారు 49,000 తాకి వెనక్కి తిరిగింది. అది పాత స్వింగ్ హై. అక్కడి నుంచి పడి జనవరి 23న 38,500 దగ్గర ఆగింది. మళ్లీ ఎక్కుతూ ఫిబ్రవరి 12న 49,000 దాటి 50,000 తాకింది. పాత హై విరిగింది కాబట్టి, దాన్ని విరగ్గొట్టిన ప్రయాణం మొదలైన జనవరి 23 నాటి అడుగు మన మొదటి క్లిక్ అవుతుంది. ఇందులో నచ్చడం, నచ్చకపోవడం అన్న ప్రశ్నే లేదు.

మూడో పరీక్ష: సైజు. లెగ్ పొడవు అప్పటి 14 రోజుల ఏటీఆర్‌కి కనీసం ఐదు రెట్లు ఉండాలి. ఏటీఆర్ అంటే ధర సగటున రోజుకి ఎంత ఊగుతుందో చెప్పే కొలత. రెండు మూడు రోజుల మామూలు ఊగిసలాట మీద ఫిబ్ గీస్తే 0.5కి, 0.618కి మధ్య దూరం ఒక్క క్యాండిల్‌లోనే కొట్టుకుపోతుంది. ఐదు రెట్లు అన్నది శాస్త్రమేమీ కాదు, నాకు పనికొచ్చిన హద్దు. మీరు నాలుగు పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ, చార్ట్ మారినప్పుడల్లా దాన్ని మార్చకండి.

## 3. రెండు లెగ్‌లు పాసైతే ఏది తీసుకోవాలి

ఇలా తరచూ జరుగుతుంది. ఇదే చార్ట్‌లో మార్చి 5 చూడండి. ఆ రోజు ధర 2021 నాటి 69,000 హై దాకా వెళ్లి, అదే రోజు 59,000కి జారింది. ఆ 59,000 కూడా అటు ఐదు ఇటు ఐదు పరీక్ష పాసవుతుంది. అక్కడి నుంచి లేచి 69,000 దాటింది కాబట్టి రెండో పరీక్షా పాసే. ఇంకా వెనక్కి వెళ్తే 2023 సెప్టెంబర్ 11న 24,900 దగ్గర ఇంకో పెద్ద లో ఉంది. అంటే ఒకే టాప్‌కి మూడు లెగ్‌లు:

- చిన్నది: 59,000 నుంచి 73,800
- మధ్యది: 38,500 నుంచి 73,800
- పెద్దది: 24,900 నుంచి 73,800

మూడూ సరైనవే, స్థాయిలే వేరు. మీ ట్రేడ్ కాలానికి సరిపోయేదాన్ని ప్రధాన లెగ్‌గా పెట్టుకోండి. దానికంటే ఒక మెట్టు పైదాన్ని తోడు ఆధారంగా వాడండి. అంతకు మించి గీయొద్దు.

చిన్న లెగ్ ఎప్పుడు పోతుందో తెలియాలి. దాని మొదలు, అంటే 59,000 విరిగిన రోజు ఆ ఫిబ్ పని అయిపోయింది. మార్చి 20న ధర 60,800 దాకా వచ్చి తిరిగింది, లెగ్ బతికింది. మే 1కి ధర 56,500కి పడింది, లెగ్ పోయింది. ఆ గీతల్ని ఆ రోజే తీసేయాలి. చాలామంది చార్ట్‌లో పోయిన లెగ్‌ల గీతలు ఇంకా ఉంటాయి. వాటి మీద ధర ఎక్కడైనా కాసేపు ఆగితే "చూశారా, పనిచేసింది" అంటారు.

చిన్న లెగ్ పోగానే చూపు మధ్య లెగ్ మీదికి మారుతుంది. దాని లెవెల్స్ ఇవి:

- 0.382: సుమారు 60,300
- 0.5: సుమారు 56,150
- 0.618: సుమారు 52,000
- 0.65: సుమారు 50,850
- 0.786: సుమారు 46,050

లెక్క మీరే ఒకసారి చేసి చూసుకోండి, టూల్ మీద నమ్మకం కుదురుతుంది:

```
level = high - (high - low) * ratio
73800 - (73800 - 38500) * 0.618 = 51984.6
```

మార్చి 20 అడుగు 60,800, ఇక్కడి 0.382కి కొద్దిగా పైన ఉంది. మే 1 అడుగు 56,500, 0.5కి కొద్దిగా పైన ఉంది. లెగ్ సరిగ్గా ఎంచుకున్నారని చెప్పే చిన్న సాక్ష్యం ఇది. లోతైన లెవెల్స్ దాకా రాకముందే, పై లెవెల్స్ దగ్గర ధర ఎంతో కొంత స్పందించి ఉండాలి. 0.382, 0.5 రెండింటినీ ధర గమనించనట్టే దాటిపోతే మీ క్లిక్‌లు ఒకసారి మళ్లీ చూసుకోండి.

## 4. గీసే వరుస

ట్రేడింగ్‌వ్యూలో `Alt + F` నొక్కితే టూల్ వస్తుంది. వేరే ప్లాట్‌ఫామ్‌లోనూ వరుస ఇదే.

1. పైకి వెళ్లిన లెగ్ అయితే ముందు లో మీద, తర్వాత హై మీద క్లిక్ చేయండి. కిందికి పడిన లెగ్ అయితే ముందు హై, తర్వాత లో.
2. దిశ సరిచూడండి. పైకి వెళ్లిన లెగ్‌లో 0 అంకె టాప్ దగ్గర, 1 అంకె అడుగు దగ్గర ఉండాలి. 0.618 టాప్‌కి దగ్గరగా కనిపిస్తే తిరగేసి గీశారని అర్థం. ఇది అందరూ చేసే తప్పు. 0.5 ఎలాగూ మధ్యలోనే పడుతుంది కాబట్టి వెంటనే పట్టుబడదు.
3. విక్ కొసకి గీయండి. బాడీకి గీయాలా, విక్‌కి గీయాలా అని పెద్ద వాదన ఉంది. ఏది వాడినా రెండు చివర్లా ఒకటే వాడండి. అడుగున విక్, పైన బాడీ పెడితే ఆ లెక్కకి అర్థం లేదు.
4. గీశాక లాక్ చేయండి. తేదీ, రెండు పాయింట్లు ఒక నోట్‌లో రాసుకోండి.

విక్ నియమానికి ఒక మినహాయింపు ఉంది. 2025 అక్టోబర్ 10న లిక్విడేషన్ల వరద వచ్చినప్పుడు కొన్ని ఆల్ట్‌కాయిన్ల విక్‌లు కొన్ని ఎక్స్ఛేంజీల్లో నమ్మలేనంత కిందికి పోయాయి, మిగతా చోట్ల అంత లోతు లేదు. అలాంటి విక్ కొసకి గీస్తే లెవెల్స్ అన్నీ కిందికి జారిపోతాయి. పట్టుకునే పద్ధతి సులువు. అదే కాయిన్‌ని ఇంకో రెండు ఎక్స్ఛేంజీల చార్ట్‌లో చూడండి. ఒక్క చోటే కనిపించే విక్‌ని వదిలేసి, మిగతా చార్ట్‌లు ఒప్పుకునే అడుగుని తీసుకోండి.

ఇక లీనియర్ స్కేలా, లాగ్ స్కేలా? లీనియర్‌లో సమాన డాలర్లకి, లాగ్‌లో సమాన శాతాలకి చార్ట్‌లో ఒకే ఎత్తు ఉంటుంది. క్రిప్టోలో దీన్ని వదిలేసి ముందుకు వెళ్లలేం. ఒక కాయిన్ 0.40 నుంచి 2.00కి, అంటే ఐదు రెట్లు పెరిగిందనుకోండి. లీనియర్‌లో 0.618 లెవెల్ 1.01 దగ్గర పడుతుంది. లాగ్‌లో అదే 0.74 దగ్గర పడుతుంది. ఒకరు కొని కూర్చునే చోటికి, ఇంకొకరు ఎదురుచూసే చోటికి పాతిక శాతానికి పైగా తేడా!

నేను పాటించే హద్దు ఇది: లెగ్ రెండింతల లోపు ఉంటే లీనియర్, మూడింతలు దాటితే లాగ్. మధ్యలో ఉంటే రెండూ చూసి, రెండింటి మధ్య ప్రాంతాన్ని జోన్‌గా పెట్టుకుంటాను. ట్రేడింగ్‌వ్యూలో లాగ్ లెవెల్స్ రావాలంటే ధర స్కేల్‌ని లాగ్‌కి మార్చి, టూల్ సెట్టింగ్స్‌లో `Fib levels based on log scale` టిక్ పెట్టాలి. స్కేల్ మార్చి టిక్ పెట్టడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

మన బిట్‌కాయిన్ లెగ్ రెండింతలకి కొంచెం తక్కువ, కాబట్టి లీనియర్. కానీ ఒక సంగతి చూడండి. లాగ్‌లో లెక్కేస్తే 0.5 సుమారు 53,300, 0.618 సుమారు 49,400 వస్తాయి. జూలై 5న అడుగు 53,500 దగ్గర, ఆగస్టు 5న 49,000 దగ్గర పడ్డాయి. అద్దినట్టు ఉంది కదా? "ఇంక నుంచి లాగ్ స్కేలే వాడతాను" అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. జరిగిపోయిన చార్ట్ మీద స్కేల్ మారిస్తే ఎప్పుడూ ఏదో ఒకటి అద్దినట్టు కనిపిస్తుంది. స్కేల్ నిర్ణయం ధర అక్కడికి రాకముందే రాసుకుని ఉండాలి.

## 5. లెవెల్‌కి తోడు ఆధారాలు ఎలా వెతకాలి

ఒంటరి ఫిబ్ లెవెల్ మీద నేను ట్రేడ్ పెట్టను. ఫిబ్‌తో సంబంధం లేని కారణం ఇంకోటి అదే చోట ఉండాలి, దాన్నే కన్ఫ్లుయెన్స్ అంటున్నాం. అసలు మెలిక "సంబంధం లేని" అన్న దగ్గరే ఉంది. 200 రోజుల సింపుల్ సగటు, 200 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటు రెండూ పక్కపక్కన ఉంటే రెండు ఆధారాలు అనుకోకండి. అవి ఒకే సమాచారం. ఆర్ఎస్ఐ, స్టొకాస్టిక్ కూడా అంతే. ఒక గుంపు నుంచి ఒక్కటే లెక్కించండి.

నా లెక్కలో గుంపులు నాలుగు:

- పాత ధర నిర్మాణం: పాత స్వింగ్ హై, లేదా ధర చాలా రోజులు పక్కకి నడిచిన ప్రాంతం
- ఒక మెట్టు పెద్ద లెగ్ మీద గీసిన ఫిబ్
- చాలామంది చూసే సగటు, ఉదాహరణకి 200 రోజులది
- వాల్యూమ్: వాల్యూమ్ ప్రొఫైల్‌లో ఎక్కువ ట్రేడింగ్ జరిగిన ధర

వీటిలో కనీసం రెండు కలవాలి, అందులో ఒకటి తప్పకుండా పాత ధర నిర్మాణం అయి ఉండాలి. సగటు, పెద్ద ఫిబ్ కలిసి పాత నిర్మాణం లేకపోతే వదిలేయండి. గతంలో అక్కడ నిజంగా కొనుగోళ్లు, అమ్మకాలు జరిగాయని చెప్పేది నిర్మాణమే. మిగతావి లెక్కలు.

"కలవడం" అంటే ఎంత దగ్గర? లెవెల్‌కి అటూ ఇటూ సగం ఏటీఆర్ లోపు. శాతాల్లో పెట్టుకుంటే స్థిరమైన రోజుల్లో మరీ వదులుగా, గందరగోళం రోజుల్లో మరీ బిగుతుగా అయిపోతుంది.

ఇప్పుడు మన చార్ట్‌కి వద్దాం. జూలైలో ధర 0.5 కిందికి గుచ్చి వచ్చాక అందరి చూపూ గోల్డెన్ పాకెట్ మీద, అంటే 50,850 నుంచి 52,000 మీద ఉంది. అక్కడ ఏమేం ఉన్నాయి?

పాత నిర్మాణం ఉంది. ఫిబ్రవరి మధ్య నుంచి 26వ తేదీ దాకా ధర 51,000, 52,000 చుట్టూనే పక్కకి నడిచింది. సరిగ్గా గోల్డెన్ పాకెట్ మీద. దాని కింద ఇంకో అంతస్తు కూడా ఉంది. జనవరిలో ఆగిన పాత హై 49,000 దగ్గర, పెద్ద లెగ్ మీద గీసిన 0.5 సుమారు 49,350 దగ్గర. ఇవి గోల్డెన్ పాకెట్‌లో పడవు, కొంచెం కింద పడతాయి. కాబట్టి ఒక్క గీత బదులు 49,000 నుంచి 52,000 దాకా జోన్ వచ్చింది. అడ్డంగా ఒక దీర్ఘచతురస్రం గీసుకోండి, ఫిబ్ గీతల్ని కాసేపు కనబడకుండా పెట్టండి. ఇక చూడాల్సింది ఆ పెట్టెనే.

వ్యతిరేకంగా ఉన్నవి కూడా రాయాలి, మనం ఎప్పుడూ ఎగ్గొట్టేది ఇదే. ఆగస్టు మొదట్లో ధర అప్పటికే 200 రోజుల సగటు కిందికి పడిపోయింది. ఆ గుంపు మనకి తోడు లేదు, పైగా ఎదురుగా ఉంది. అంటే నాలుగింట్లో రెండు అనుకూలం, ఒకటి వ్యతిరేకం. ట్రేడ్ పెట్టొచ్చు, సైజు మాత్రం తగ్గించాలి.

ఆల్ట్‌కాయిన్ అయితే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇదే సమయంలో బిట్‌కాయిన్ తన లెవెల్ మీద నిలబడి ఉందా? బిట్‌కాయిన్ జారుతుంటే ఆల్ట్‌కాయిన్ 0.618 దగ్గర ఎన్ని ఆధారాలు కలిసినా అవి నిలబడడం కష్టం.

## 6. ఎంట్రీ, స్టాప్, సైజు

జోన్‌లో ముందే లిమిట్ ఆర్డర్ పెట్టడమా, ధర స్పందన చూశాక ఎక్కడమా? క్రిప్టోలో నా ఓటు రెండోదానికే. కారణం 2024 ఆగస్టు 5.

జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీ రేటు పెంచింది. యెన్‌లో అప్పు తెచ్చి వేరే చోట్ల పెట్టినవాళ్లు హడావుడిగా బయటపడడం మొదలుపెట్టారు. ఆగస్టు 5న నిక్కీ 12 శాతానికి పైగా పడింది. అదే రోజు బిట్‌కాయిన్ గోల్డెన్ పాకెట్ మొత్తాన్ని చీల్చుకుని 49,000 తాకింది. 52,000 దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టి, 50,850కి కాస్త కింద స్టాప్ పెట్టినవాళ్లు కొన్న గంటల్లోనే నష్టంతో బయటపడ్డారు. వాళ్ల లెవెల్ తప్పు కాదు. స్టాప్‌ని లెవెల్ గీతకి అంటించి పెట్టారు, అదొక్కటే తప్పు.

ఆ రోజు డైలీ క్లోజ్ మాత్రం 54,000 దగ్గర వచ్చింది, 0.618 పైన. విక్ కింద, క్లోజ్ పైన. మనం ఎదురుచూసే స్పందన ఇదే.

ఎంట్రీ నియమం: ధర జోన్‌లోకి దిగాలి, డైలీ క్లోజ్ 0.618 పైన రావాలి. ఆ తర్వాతే ఎంట్రీ. మన కేసులో ఎంట్రీ 54,000 దగ్గర. 52,000 కంటే ఖరీదే, కానీ ఆ తేడాకి బదులుగా అడుగు ఎక్కడ పడిందో మనకి తెలిసింది.

స్టాప్ నియమం: ఫిబ్ గీత కింద పెట్టకండి, జోన్‌లోని చివరి నిర్మాణం కింద పెట్టండి. ఇక్కడ 49,000 అడుగు, జనవరి హై ఒకే చోట ఉన్నాయి. స్టాప్ 48,500. అంటే కాయిన్‌కి 5,500 రిస్క్.

సైజు ఇలా వస్తుంది. ఖాతాలో 10,000 డాలర్లు, ట్రేడ్‌కి 1 శాతం రిస్క్ అంటే 100 డాలర్లు. 100ని 5,500తో భాగిస్తే 0.018 బిట్‌కాయిన్, విలువలో సుమారు 980 డాలర్లు. 200 రోజుల సగటు ఎదురుగా ఉంది కాబట్టి అందులో సగమే తీసుకుంటే 0.009. ఇంత చిన్నదా అనిపిస్తుంది. లెవరేజ్ పెట్టి పెంచాలనిపిస్తుంది కూడా. అలా పెంచితే లిక్విడేషన్ ధర స్టాప్ కంటే ముందే తగిలే ప్రమాదం ఉంది, అప్పుడు ఈ లెక్కంతా వృథా.

టార్గెట్: జూలై చివర్లో ధర తిరిగిన 70,000 ప్రాంతం. రాబడి 16,000, రిస్క్ 5,500. సుమారు మూడింతలు. రెండింతల కంటే తక్కువ వస్తే ఆ సెటప్ వదిలేయండి.

ఏం జరిగింది? ఆగస్టు చివర్లో 65,000 దాకా వెళ్లింది. లాభంలో ఉన్న ట్రేడ్ సెప్టెంబర్ 6న 52,600 దాకా పడి నష్టంలోకి జారింది. స్టాప్ తగలలేదు. అక్టోబర్ చివర్లో 70,000 వచ్చింది. దాదాపు మూడు నెలలు, మధ్యలో మంచి టెన్షన్. డైలీ చార్ట్ మీద గీసిన ఫిబ్ ట్రేడ్ అంటే ఇలాగే ఉంటుంది.

ఒక్క కేసు గెలిచిందని పద్ధతి నిరూపణ అయిపోదు. మీ కాయిన్ మీద ఇదే నియమాలతో వెనక్కి వెళ్లి కనీసం ముప్ఫై లెగ్‌లు గీసి చూడండి. చార్ట్‌ని రీప్లే మోడ్‌లో పెట్టి, ముందు ఏం జరిగిందో కనబడకుండా.

## 7. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ధర లెవెల్‌ని దాటగానే అడుగు పాయింట్ మార్చడం. 0.618 తప్పిందని ఇంకొంచెం కింద ఉన్న లో పట్టుకుని గీస్తే, కొత్త 0.5 ధర కిందికి వచ్చి హాయిగా కనిపిస్తుంది. దిద్దుబాటు: పాయింట్ మార్చడానికి రెండే కారణాలు ఒప్పుకోండి. కొత్త హై వచ్చి ఖరారైతే పాత ఫిబ్ తీసేసి కొత్త లెగ్ మీద గీయాలి. అడుగు విరిగితే ఫిబ్ మొత్తం పోతుంది. మూడో కారణం లేదు.

ఇంకా నడుస్తున్న క్యాండిల్ మీద నిర్ణయం. రాత్రి 0.618 పైన కనిపించిన ధర క్లోజ్‌కి కింద ఉండొచ్చు. ఆ రోజు క్యాండిల్ ముగిశాకే చూడండి, క్లోజ్ టైమ్‌కి అలారం పెట్టుకుంటే చాలు.

పక్కకి నడిచే మార్కెట్‌లో గీయడం. ధర ఒక రేంజ్‌లో కొట్టుకుంటున్నప్పుడు ఏ లెగ్ కూడా రెండో పరీక్ష పాసవదు. గీయడానికి ఏమీ లేదంటే గీయకండి. రేంజ్ పైనా కిందా ఉన్న హద్దులే అప్పుడు పనికొస్తాయి.

ఆధారాలు తర్వాత వెతకడం. కొనేశాక ఇండికేటర్లు ఒక్కొక్కటిగా తెరిచి ఏది ఒప్పుకుంటుందా అని చూడడం. ఎంట్రీకి ముందే నాలుగు గుంపుల పక్కన అవును, కాదు అని రాసి పెట్టండి.

0.786 దాటాక కూడా "డిస్కౌంట్" అనుకోవడం. డైలీ క్లోజ్ 0.786 కింద వస్తే నేను ఆ లెగ్ మీద కొత్తగా కొనను. లెగ్ మొదలు ఇంకా విరగకపోయినా సరే. అంత లోతు వెనక్కి వచ్చిన ధర అడుగుని పరీక్షించడానికి వస్తోందనే అనుకుంటాను.

## 8. ట్రేడ్‌కి ముందు చివరి చెక్‌లిస్ట్

- రెండు పాయింట్లూ అటు ఐదు ఇటు ఐదు పాసయ్యాయి
- లెగ్ పాత స్వింగ్ హైని డైలీ క్లోజ్‌తో దాటింది
- లెగ్ పొడవు ఏటీఆర్‌కి ఐదు రెట్లు పైనే
- 0 అంకె సరైన చివర ఉంది
- స్కేల్ నిర్ణయం ధర రాకముందే రాసుకున్నాను
- వేరు వేరు గుంపుల నుంచి రెండు ఆధారాలు, ఒకటి పాత నిర్మాణం
- వ్యతిరేక ఆధారాలు కూడా రాశాను, సైజు దానికి తగ్గట్టు ఉంది
- డైలీ క్లోజ్ 0.618 పైన వచ్చింది
- స్టాప్ నిర్మాణం కింద ఉంది, గీతకి అంటుకుని లేదు
- రాబడి రిస్క్‌కి రెండింతలకి తక్కువ కాదు

ట్రేడ్ నడుస్తుండగా కొత్త హై వస్తే పాత ఫిబ్‌ని వెంటనే లాగి పొడిగించకండి. మన కేసులో 2024 నవంబర్ 6న 73,800 దాటింది. ఆ రోజుతో జనవరి లెగ్ పని పూర్తయింది, దాని గీతలు తీసేయాలి. కొత్త టాప్‌కి కుడివైపు ఐదు క్యాండిల్స్ ముగిశాక, ఈ హైని విరగ్గొట్టిన ప్రయాణం ఏ లో నుంచి మొదలైందో వెతికి అక్కడ మొదటి క్లిక్ పెట్టండి.